అనామతు కింద ఏడువందల ఎనభై నాలుగు

ఆ రోజు రాయప్ప గారు "ఉంది" అన్నది పేజీ చూసి అన్నారా, చూడకుండానే అన్నారా?

ఈ ప్రశ్న చాలా ఏళ్లుగా నాతోనే ఉంది. ఏదో పుస్తకం చదువుకుంటూ ఉంటాను, ఒక్కోసారి అక్షరాల మీద ఆయన వేలు కనబడుతుంది. లెడ్జరు పేజీ మీద పైనుంచి కిందికి జారే వేలు, గోరు పక్కన ఆరని సిరా మరక. చూసే అన్నారని ఒక రకంగా అనుకుంటాను. చూడలేదని ఇంకో రకంగా అనుకుంటాను. రెండూ ఆయనకు సరిపోతాయి. ఇబ్బంది అక్కడే ఉంది.

తిరువూరు రైతు సహకార సంఘంలో రాయప్ప గారు లెక్కల గుమాస్తా. నేను డిగ్రీ అయ్యాక కొంతకాలం ఖాళీగా తిరిగి, డెబ్బై మూడులో ఆయన పక్క బల్ల దగ్గర చేరాను. మా ఆఫీసు పెంకుటిల్లు, దాని వెనకే ఎరువుల గోడౌను. యూరియా ఘాటు అన్నం మూత తీస్తే అన్నంలోకి కూడా వచ్చేది. కొత్తలో నేను ముక్కు మూసుకుంటే ఆయన నవ్వి, "నెల పోతే ఇంటికెళ్లాక వాసన లేదేంటా అని వెతుక్కుంటావయ్యా" అన్నారు. నిజంగానే అలా అయింది.

ఆయనది కథోలిక్కు కుటుంబం. తండ్రి మిషన్ బంగళాలో వంటవాడు. ఫాదర్లు చదివిస్తే ఎస్సెస్సెల్సీ దాకా చదివి, సంఘం పెట్టిన కొత్తలోనే బిల్లులు రాసే పనిలో చేరారు. మెల్లగా చిట్టా, తర్వాత లెడ్జర్లు ఆయన చేతికి వచ్చాయి. సన్నటి మనిషి. తెల్ల చొక్కా మోచేతుల దగ్గర బల్లకు రాసుకుని పలచబడేది. ఆయన భార్య మేరమ్మ గారు అక్కడ లోపలివైపు గుడ్డ వేసి కుట్టేది. పాళీని ప్రతి సాయంత్రం నీళ్లలో కడిగి, తల వెంట్రుకలకు తుడుచుకునేవారు. "అందుకే నా జుట్టు ఇంకా నల్లగా ఉంది" అనేవారు. మాట్లాడితే ఇంతే, ఒక వాక్యం. మళ్లీ రాతలోకి దిగిపోయేవారు.

ఇక్కడ ఆ రాత సంగతి కాస్త చెప్పాలి. రైతు అరువు మీద ఎరువు తీసుకుంటే బిల్లు ఏ రోజుకారోజు చిట్టాలో పడుతుంది. శనివారం కూర్చుని చిట్టాలోంచి లెడ్జర్లలోకి ఎక్కిస్తారు. ఏ మొత్తమైనా రెండుచోట్ల ఎక్కాలి. రైతు పేజీలో ఖర్చు వైపు, ఎరువుల అమ్మకాల పేజీలో జమ వైపు. జూన్ ఆఖరుకి సంఘానికి ఏడాది ముగుస్తుంది. అప్పుడు అన్ని పేజీల నిలవలూ తీసి, ఖర్చువి ఒకవైపు, జమవి ఒకవైపు పేర్చి కూడితే రెండు మొత్తాలూ సమానం కావాలి. ఆ పట్టీని ఆయన పాత పద్ధతిలో అంకణా అనేవారు. ఆయన చేసిన అంకణా కుదరకపోవడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

డెబ్బై నాలుగు జూన్‌లో కుదరలేదు. జమ వైపు ఏడువందల ఎనభై నాలుగు రూపాయలు ఎక్కువగా ఉంది.

మళ్లీ కూడారు. నా చేత కూడించారు. నిలవలు లెడ్జర్లలోంచి సరిగ్గా దించామా అని చూశాం. తేడా కదల్లేదు. చివరికి అనామతు ఖాతా అని ఒక కొత్త పేజీ తెరిచి, ఖర్చు వైపు ఆ మొత్తం రాసి అంకణా మూశారు. లెక్క తేలేదాకా తేడాను తాత్కాలికంగా కూర్చోబెట్టే అరుగు లాంటిది ఆ ఖాతా. అరుగు మీద కూర్చున్నవాణ్ణి దారిన పోయే ప్రతివాడూ చూస్తాడు. మా ఆఫీసులోనూ అదే జరిగింది.

సంఘం ప్రెసిడెంటు హనుమయ్య గారు పెద్ద రైతు, మామిడి తోటల మనిషి. మాట గట్టిగా ఉన్నా మనిషి చెడ్డవాడు కాదు. పాలకవర్గం సమావేశానికి రాయప్ప గారిని పిలిపించారు. రిజిస్టర్లు మోయడానికి నేనూ వెళ్లాను.

"ఏంటి రాయప్పా, ఏడొందల చిల్లర ఎక్కడికి పోయిందంట?"

"పోలేదండి. నగదు పెట్టె పైసాతో సహా సరిపోయింది. గోడౌను సరుకూ సరిపోయింది. ఇది డబ్బు తేడా కాదండి, రాత తేడా."

"రాసింది ఎవరు?"

"నేనేనండి."

"మరి నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తది? మా ఇంటో గొడ్డు తప్పిపోతే కాపరినే అడుగుతాం గానీ పక్కూరోణ్ణి అడుగుతామా?"

అందరూ నవ్వారు. రాయప్ప గారు కూడా నవ్వబోయి మధ్యలో ఆపేశారు. సెక్రటరీ జగన్నాథరావు గారు తల ఎత్తకుండా మినిట్సు పుస్తకంలో రాస్తున్నారు. బయటికి వచ్చాక నేను ఆ పేజీ చూశాను. 'ఆడిటు లోపల తేడా తేలని యెడల సదరు మొత్తమును గుమాస్తా రాయప్ప నుండి రాబట్టవలెనని తీర్మానించడమైనది.' ఆయన జీతంలో రెండు నెలలకు పైమాటే అది. అయితే రాయప్ప గారు రూపాయల గురించి ఒక్కమాట అనలేదు. "నా పేరు మీద బాకీ రాస్తే తిన్నట్టేగా" అన్నారు మెట్లు దిగుతూ. "తినకుండా ఎవరు కడతారు?"

ఊరు చిన్నది. వారం తిరక్కుండానే మాట బజారుకి చేరింది. గోడౌను దగ్గర బస్తాలెత్తే మనుషులు ఆయన రాగానే మాట మార్చేవారు. ఆదివారం గుడిలో కానుకల సంచీ పట్టే పని ఎప్పటినుంచో ఆయనదే. ఆ ఆదివారం ఆయన ముందే వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారట, ఇంకెవరినైనా పట్టుకోమన్నారట. ఈ సంగతి మేరమ్మ గారు చెప్పింది. ఓ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చి, ఆయన గోడౌనులో ఉన్నప్పుడు నా దగ్గర ఆగింది.

"బాబూ, నిన్న పంపింది తిన్నాడా?"

"తిన్నారమ్మా" అన్నాను. సగం కుక్కకు పెట్టడం చూశాను.

"నువ్వూ ఆయనలాగే చెప్తున్నావ్" అంది. "నిద్దట్లో కూడా అంకెలే. నా పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు గానీ లెడ్జర్లలోని రైతులందరి పేర్లూ వరసగా చదువుతున్నాడు."

వెతకడం మొదలైంది. ఆడిటరు ఆగస్టులో వస్తారు. రాయప్ప గారు ముందు తేడా మొత్తాన్నే పట్టుకుని చూశారు. ఏడువందల ఎనభై నాలుగుకి సరిగ్గా సమానమైన బిల్లు చిట్టాలో ఉందేమో, ఒకచోట ఎక్కి రెండోచోట ఎక్కలేదేమో. లేదు. అందులో సగం, మూడువందల తొంభై రెండు, పొరపాటున ఎదురువైపు పడిందేమో. అదీ లేదు. తర్వాత వేళ్ల మీద కూడారు.

"ఏడూ ఎనిమిదీ నాలుగూ పంతొమ్మిది. తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోదు. అంకెలు అటూ ఇటూ తారుమారైతే ఆ తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోవాలయ్యా. అంటే తారుమారు కాదు."

అంత నమ్మకంగా అన్నారు గనక నేనూ నమ్మాను. తప్పులు రెండుండి, ఒకటి ఇంకొకదాన్ని కొంత కప్పేస్తుందని అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

ఇక మిగిలింది ఏడాది మొత్తం సరిచూడటం. నేను చిట్టాలోంచి చదవాలి, ఆయన లెడ్జరులో చూసి "ఉంది" అనాలి, నేను చిట్టాలో టిక్కు పెట్టాలి. ఊరికో లెడ్జరు. రోజువారీ పని ఆగకూడదు కాబట్టి రైతులు పలచబడ్డాక మొదలుపెట్టేవాళ్లం. వానలు పడుతున్నాయి. పెంకుల సందుల్లోంచి కారే చోట బకెట్టు పెట్టి, లెడ్జర్లను బల్ల ఆ చివరకు జరిపేవాళ్లం. నా గొంతు ఒక రాగంలో పడిపోయింది, ఆయన "ఉంది" కూడా దానికి తాళంలా పడేది. బకెట్లో చుక్క పడితే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం.

ఒక రోజు వినగడప లెడ్జరు. ఫిబ్రవరి.

"దశరథరామయ్య, ఎరువులు, ఎనిమిదివందల ముప్పై ఎనిమిది."

"ఉంది."

నేను టిక్కు పెట్టి తర్వాతి పేరు చదివాను. ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. ఆయన ముఖం వైపు నేను చూడలేదు. చూసి ఉంటే ఇప్పుడీ ప్రశ్న ఉండేది కాదేమో.

అన్ని ఊళ్లూ అయిపోయాయి. అన్నీ "ఉంది". తేడా మాత్రం పోలేదు. ఆ సాయంత్రం ఆయన గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, కుర్చీలో కూలబడ్డారు. "అన్నీ ఉన్నాయి. మరి లేనిదేది?" అని నన్ను అడిగారు. నాకు భయం వేసింది. నాకంటే పెద్దవాడు, పని నేర్పినవాడు నన్ను అలా అడగడం అదే మొదటిసారి.

ఆడిటరు రానే వచ్చారు. బెజవాడ నుంచి వచ్చిన నడివయసు మనిషి, తెల్ల చేతిరుమాలు మెడ చుట్టూ కాలరు లోపల దోపుకునేవారు. అనామతు పేజీ మొదటిరోజే తెరిచి, "సస్పెన్సు ఉంచి నేను సంతకం చెయ్యనయ్యా. ఈ వారం ఉంటాను, చూసుకోండి" అన్నారు. హనుమయ్య గారు గుమ్మంలోంచే, "చూసుకోడానికేముందండీ, మేం తీర్మానం చేసిపెట్టాం" అన్నారు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి రాయప్ప గారు చిట్టా తన ముందుకు లాక్కుని ఉన్నారు. లెడ్జర్ల దొంతర నా బల్ల మీద ఉంది.

"ఈసారి నేను చదువుతా. నువ్వు లెడ్జరు పట్టు" అన్నారు. "ఒకే కన్ను చూస్తే ఒకే తప్పు మళ్లీ చేస్తది."

పై లెడ్జరు వినగడపదే. ఊళ్ల వరసలో అది మొదటిది కాదు. ఎందుకు పైన పెట్టారో నేను అడగలేదు.

ఆయన చదువుతున్నారు, నేను వెతుకుతున్నాను. ఫిబ్రవరి వచ్చింది. "దశరథరామయ్య, ఎనిమిదివందల ముప్పై ఎనిమిది" అన్నారు. పేజీ తీశాను. జనవరి వరకూ రాతలున్నాయి, తీర్చేసిన బాకీ ఉంది, కింద ఖాళీ. పేజీ తిప్పాను. అదీ ఖాళీ.

"లేదండి."

"సరిగ్గా చూడు."

"లేదండి రాయప్ప గారూ. ఫిబ్రవరిలో ఏమీ లేదు."

ఆయన చిట్టాలో వేలు ఉంచి మూశారు. కాసేపు గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. తర్వాత, "పెద్దకర్మ" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. మా సంఘంలో ఒక రివాజు ఉండేది. మొదటి సెక్రటరీ పెట్టాడట, నిబంధనల్లో ఎక్కడా లేదు. సభ్యుడు చనిపోతే పదకొండో రోజు పెద్దకర్మ దాకా ఆ మనిషి పేజీలో అప్పు రాయరు. చిట్టాలో బిల్లు ఉంటుంది, అమ్మకాల ఖాతాలో జమ పడుతుంది. ఆ ఇంట్లో దీపం ఆరకముందే బాకీ రాయడం ఎందుకని, మనిషి పేజీ మాత్రం ఆగుతుంది. కర్మ అయ్యాక రాస్తారు. ఆ తేదీని రాయప్ప గారు క్యాలెండరు మీద చిన్న చుక్కతో గుర్తు పెట్టుకునేవారు. ఆయన సంప్రదాయంలో పెద్దకర్మ లేదు, అయినా ఆ రివాజును అందరికంటే పట్టుగా నడిపింది ఆయనే.

దశరథరామయ్య ఎరువు తోలించుకున్న రెండో రోజునే పొలంలో పడి పోయాడు. శనివారం రాయప్ప గారు అమ్మకాల పేజీలో జమ వేశారు, దశరథరామయ్య పేజీ ఆపారు. పదకొండో రోజు నాటికి రాయప్ప గారే కామెర్లతో మంచంలో ఉన్నారు. ఆ నెలలో దశరథరామయ్య భార్య సుబ్బాయమ్మ వస్తే జగన్నాథరావు గారు పేజీ చూసి, బాకీ ఏమీ లేదని, సంఘంలో ఆయనకున్న వాటా సొమ్ము మొత్తం ఇచ్చి పంపారు. రాయప్ప గారు లేచి వచ్చేసరికి మార్చి సగం పోయింది. చుక్క పెట్టిన ఫిబ్రవరి కాగితం గోడమీద లేదు.

"అయితే ఇదేనండి!" అన్నాను, దాదాపు అరిచాను.

ఆయన కాగితం మీద లెక్క వేశారు. ఖర్చు వైపు ఏడువందల ఎనభై నాలుగు తక్కువ. ఎనిమిదివందల ముప్పై ఎనిమిది ఎక్కిస్తే, తక్కువ పోయి యాభై నాలుగు ఎక్కువవుతుంది. అనామతు తీరదు. ఖర్చు వైపు నుంచి జమ వైపుకి తిరుగుతుంది, అంతే. నా సంతోషం ఆరిపోయింది. ఆయన ముఖం మాత్రం, ఆ నెలన్నరలో మొదటిసారి, కొంచెం వెలిగింది.

"అయిదూ నాలుగూ?"

"తొమ్మిదండి."

"ఇది తారుమారే. యాభై నాలుగులో తొమ్మిదులు ఆరు. అంటే పక్కపక్కన ఉన్న రెండంకెల మధ్య ఆరు తేడా ఉండాలి. ఎనిమిదీ రెండూ, ఏడూ ఒకటీ, తొమ్మిదీ మూడూ... అలాంటివే చూడు, మిగతావి వదిలెయ్."

అన్ని లెడ్జర్లూ ముందేసుకుని ఆ జంటలే వెతికాం. భోజనాల వేళకి విస్సన్నపేట లెడ్జరులో దొరికింది. రావమ్మ అనే ఆవిడ బాకీ కింద ఆరువందల ఎనభై రెండు కట్టింది. రసీదులో, చిట్టాలో అదే ఉంది. ఆమె పేజీలో జమ మాత్రం ఆరువందల ఇరవై ఎనిమిది. అక్షరాలు రాయప్ప గారివే. మొదటిసారి చదివినప్పుడు దీనికీ ఆయన "ఉంది" అన్నారు, నేను టిక్కు పెట్టాను. అంకెలు అవే మూడు, కన్ను జారిపోయింది.

అందుకే నాకు తేలదు. రావమ్మ పేజీ మీద జారిన కన్ను దశరథరామయ్య పేజీ మీదా జారి ఉండొచ్చు. కానీ ఇక్కడ అంకెలున్నాయి, అక్కడ ఖాళీ కాగితం. చూసినవాడు ఉందని ఎలా అంటాడు, ఆ ఇంటి మీద బాకీ పడకూడదనుకుంటే తప్ప?

ఇద్దరం ఆడిటరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన రావమ్మ రసీదు చూసి తల ఊపారు. దశరథరామయ్య బిల్లు చూసి ఊపలేదు.

"ఈ వేలిముద్ర ఎవరిది?"

"బండి తోలినతనిదండి. సరుకు అతని చేతికే ఇచ్చాం."

"బాగుందయ్యా. ఏడొందలకి చిల్లు పడితే, చచ్చిపోయిన మనిషి పేరు మీద ఎనిమిదొందలు రాసుకొస్తే నేను ఒప్పుకోవాలా? కాదనడానికి ఆయన రాడుగా." చేతిరుమాలు సర్దుకున్నారు. "ఆ ఇంటివాళ్లు ఎరువు ముట్టింది, బాకీ నిజమేనని సంతకం చేస్తే తీసుకురా. చెయ్యకపోతే ఇది కూడా నీ లెక్కలోకే."

రాయప్ప గారు కాగితాలు సర్దుకుని లేచారు.

మర్నాడు గంపలగూడెం బస్సులో వినగడప వెళ్లాం. ఆయన కిటికీ పక్క కూర్చుని, ఊరు దాటగానే, "ఆమె లేదంటే?" అన్నారు.

"ఎందుకు లేదంటుందండీ?"

"ఎందుకు అవునంటది? సంఘమే బాకీ లేదని చెప్పి సొమ్ము చేతిలో పెట్టింది. నేనైతే ఆరు నెలల తర్వాత వచ్చినవాణ్ణి గుమ్మం ఎక్కనిస్తానా?" మళ్లీ తనే, "ఆమె లేదన్నా తప్పు పట్టకు" అన్నారు.

సుబ్బాయమ్మ వాకిట్లో పత్తి గింజలు పేడనీళ్లతో రుద్దుతోంది. మోచేతుల దాకా పేడ. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఏం రాయప్పా, దారి తప్పావా? కామెర్లొచ్చినయ్యంట, తగ్గినయ్యా?"

"తగ్గినయ్యమ్మా." ఆయన గొడుగును రెండు చేతుల్లోకీ మార్చుకున్నారు. "మీతో ఒక మాట. ఫిబ్రవరిలో రామయ్య గారు ఎరువు తోలించుకున్నారు. ఎనిమిదివందల ముప్పై ఎనిమిది. అది ఆయన పేజీలో నేను ఎక్కించలేదు. తప్పు నాది. మీకు సొమ్ము ఇచ్చినప్పుడు ఆ బాకీ పట్టుకోలేదు."

ఆమె చేతులు ఆగాయి. ఎరువు ముట్టలేదని ఆమె ఒక్కమాట అంటే చాలు, ఈయన జీవితాంతం ఈ ఊళ్లో సంఘం సొమ్ము తిన్నవాడే.

"ఎందుకెక్కించలా?"

"పెద్దకర్మ దాకా ఆగుతామమ్మా. మా రివాజు."

"పదకొండో రోజు దాకా ఆగావు, సరే. మంచిదే. పన్నెండో రోజు ఏమైంది?"

కామెర్లని చెప్పొచ్చు. ఇప్పుడే ఆమే అడిగింది కూడా. మంచంలో ఉన్నానని ఒక్కమాట అంటే సరిపోయేది. రాయప్ప గారు అనలేదు. తల వంచుకుని నిలబడ్డారు. నేను చెప్పబోతే చెయ్యి నాకు అడ్డంగా పెట్టారు.

"మీరు రాస్తే ఆ రోజే కట్టేసేదాన్ని" అంది సుబ్బాయమ్మ. ఆమె గొంతు పెరిగింది. "చేతిలో సొమ్మున్నదాయె. ఆ సొమ్ముతోనే గింజలు కొన్నా, కూలీలకిచ్చా. ఇప్పుడొచ్చి అడిగితే దేంట్లోంచి తియ్యను? జాలిపడి రాయకపోతే నాకేం మిగిలింది చెప్పు? ఆ జాలేదో అప్పుడే నా మొహాన చెప్తే పోయేది."

"అవునమ్మా."

"అవునంట" అని నా వైపు చూసింది. "ఈయన ఎప్పుడూ ఇంతేనా?"

తర్వాత లేచి, తొట్టి దగ్గరకెళ్లి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "ఆ ఎరువు పెట్టిన చేనే మొన్న వేసవిలో కోసింది. ముట్టలేదని ఎట్టా అంటాను? ఎక్కడ చెయ్యాలి సంతకం?" అంది. కూడబలుక్కుంటూ పేరు రాసింది. "పత్తి తీశాక కడతా. వడ్డీ మాత్రం వేశావంటే ఊరుకోను, మీ ప్రెసిడెంటుకి చెప్పు."

తిరుగు దారిలో రాయప్ప గారు ఆ కాగితాన్ని చొక్కా లోపల పెట్టుకుని, పైనుంచి చెయ్యి తియ్యలేదు. గెలిచినవాడిలా లేరు. జ్వరం వస్తున్నవాడిలా ఉన్నారు.

ఆడిటరు గారు సంతకం చూశారు, బండి తోలినతన్ని పిలిపించి ఒక మాట అడిగారు, సరేనన్నారు. రాయప్ప గారు సవరణలు రాశారు. దశరథరామయ్య ఖాతాకు ఖర్చు, అనామతుకు జమ, ఎనిమిదివందల ముప్పై ఎనిమిది. అనామతుకు ఖర్చు, రావమ్మ ఖాతాకు జమ, యాభై నాలుగు. అనామతు పేజీలో అటూ ఇటూ కూడితే ఎనిమిదివందల ముప్పై ఎనిమిదే. నిలవ లేదు. కింద రెండు గీతలు గీశారు. గీత సరిగ్గా వచ్చిందా అని తల పక్కకు వంచి చూసి, సిరా మీద అద్దుడు కాగితం ఒత్తారు.

హనుమయ్య గారు వచ్చారు. జగన్నాథరావు గారు సంగతి చెప్పగానే ఆఫీసంతా వినపడేలా నవ్వారు. "చూశావా, గట్టిగా అడగబట్టే బయటపడింది! ఏమయ్యా రాయప్పా, దడుచుకున్నావా? కాఫీలు తెప్పించండి. ఆవిడకి నోటీసు పంపండి, వడ్డీ వద్దులే, మనదే తప్పు."

కాఫీలు వచ్చాయి. రాయప్ప గారు గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నారు.

"ఆ తీర్మానం అండి" అన్నారు.

"ఏ తీర్మానం?"

"నా నుంచి రాబట్టాలని రాసినది. తేలిపోయిందని దాని కింద ఒక తీర్మానం రాస్తే..."

"ఓస్, అదా! అది ఇంక పనికిరాదుగా. ఎవరు చూస్తారయ్యా మినిట్సు?" హనుమయ్య గారు కాఫీ ఊదుకున్నారు. "మళ్లీ దానికోసం అందర్నీ పిలవాలా? వచ్చే సమావేశంలో చూద్దాం, ఏమంటావు జగన్నాథరావు?"

"చూద్దామండి" అన్నారు సెక్రటరీ గారు.

ఆడిటరు గారు ఏదో అనబోయి, అది తన పని కాదన్నట్టు కాఫీ తాగారు. నేనూ ఏమీ అనలేదు. కొత్తగా చేరినవాణ్ణి.

"సరేనండి" అన్నారు రాయప్ప గారు. గ్లాసు కిటికీ దగ్గర పెట్టారు. సగం కూడా తాగలేదు. తన బల్ల దగ్గరికి వచ్చి వినగడప లెడ్జరు తెరిచి, దశరథరామయ్య పేజీలో కొత్తగా రాసిన వరస మీద వేలు పెట్టి ఒకసారి చదువుకున్నారు. పెదాలు కదిలాయి. లెడ్జర్లు అన్నీ ఊళ్ల వరసలో సర్ది, ఏనాడూ ఎవరికీ ఇవ్వని బీరువా తాళంచెవి నా బల్ల మీద, చిట్టా పక్కన పెట్టారు. భోజనానికి వెళ్తున్నారనుకున్నాను. లోపల హనుమయ్య గారు ఆడిటరు గారికి రసాలెలా కోయాలో చెబుతున్నారు.

నేను సుబ్బాయమ్మకు నోటీసు మొదలుపెట్టి, 'పత్తి తీసిన పిమ్మట' అని రాయొచ్చా అని అడగడానికి తల ఎత్తాను. కుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గరికి వెళ్లి చూశాను. చినుకులు పడుతున్నాయి. ఆయన గొడుగు తెరవకుండా చంకలో పెట్టుకుని, ఇంటి దారి వదిలి బస్టాండు వైపు నడుస్తున్నారు. పిలిస్తే వినపడే దూరమే. విస్సన్నపేట బస్సు కదలబోతూ ఉంది. కండక్టరు చెయ్యి అందిస్తే పట్టుకోకుండానే ఎక్కి, ఇటు చూడకుండా లోపలికి వెళ్లిపోయారు.